నీలం తెర ఫోటోలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని కామారెడ్డిలో మా గల్లీ అంతటికీ తెలుసు. మెట్ల కింద ఉన్న చిన్న గదిలో నేను కంప్యూటర్లు బాగు చేసేదాన్ని. ఆడమనిషి స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుంటుందట, చూద్దాం పదండని వచ్చినవాళ్లు మొదట్లో చాలామందే. చూసిపోయిన వాళ్లే తరువాత తమ డబ్బాలు మోసుకుని వచ్చారు. నా నోటికి భయపడి వాకిట్లోనే ఆగి, "అక్కా, కోపంల ఉన్నవా, మంచిగున్నవా?" అని అడిగి లోపలికి వచ్చేవాళ్లు.

కోపం ఊరికే వచ్చేది కాదు. ఆ రోజుల్లో మా దిక్కు కంప్యూటర్‌కు ఏ జబ్బు చేసినా ఒకటే మందు: ఫార్మాట్ కొట్టు, అంటే అందులో ఉన్నదంతా తుడిచేసి మళ్లీ మొదలుపెట్టు. నెమ్మదైందా, ఫార్మాట్ కొట్టు. పాట వినిపించడం లేదా, ఫార్మాట్ కొట్టు. ఉన్నట్టుండి ఆగిపోయి నీలం తెర వచ్చిందా, ఇంకేముంది, వైరస్ పడ్డది, దబ్బున ఫార్మాట్ కొట్టు. ఆ నీలం తెర మీద తెల్లటి అక్షరాల్లో అది పాపం ఏదో చెప్పుకుంటూనే ఉంటుంది. చదివే ఓపిక ఎవరికీ ఉండదు. నొప్పి ఎక్కడో చెప్పకముందే సూది పొడిచే డాక్టర్‌ను చూస్తే ఎంత ఒళ్లు మండుతుందో, ఆ మాట వింటే నాకు అంత మండేది.

2011 చలికాలం. పెండ్లిళ్లు ఊపు మీదున్నాయి. ఎల్లారెడ్డిలో ఫోటో స్టూడియో నడిపే ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. సొంత తమ్ముడు కాదు. రెండేళ్ల క్రితం అతని కంప్యూటర్‌ను నేనే జోడించి ఇచ్చాను. అప్పటినుంచి అక్కా అనే పిలుస్తాడు. మంచివాడే గాని, ఏ పనైనా ఒక పాలు ఎక్కువ చేస్తాడు. పెండ్లికొడుకు పక్కన చందమామను పెట్టమంటే రెండు చందమామలు పెట్టే రకం.

"అక్కా, పరేషాన్ల ఉన్న. పెండ్లి వీడియో మిక్సింగ్ చేస్తుంటే తెర నీలంగ మెరిసి బందైతుంది. మల్ల దానంతటదే చాలూ అయితుంది."

"నీలం తెర మీద ఏం రాసుందిరా?"

"సదువుడు యాడిది అక్కా, కండ్లు మూసి తెరిచేలోపట పోతది."

అవును, పోతుంది. విండోస్‌కు అదొక అలవాటు. పడిపోగానే తనంతట తనే లేచి కూర్చోవాలని ముందే పెట్టి ఉంటుంది. ఎందుకు పడిందో మనం చూసే సందు ఇవ్వదు. అందుకని ఫోన్‌లోనే చెప్పాను. మై కంప్యూటర్ మీద కుడి నొక్కు నొక్కి ప్రాపర్టీస్‌కు పో. అడ్వాన్స్‌డ్ అని ఉంటుంది. దాని కింద స్టార్టప్ అండ్ రికవరీ. అందులో ఆటోమేటిగ్గా రీస్టార్ట్ అనే దాని ముందున్న టిక్కు తీసెయ్యి. ఇక పడిపోతే అక్కడే నిలబడుతుంది. అప్పుడు కింద స్టాప్ అని రాసి ఉన్న చోట చదివి చెప్పు.

మధ్యాహ్నానికి మళ్లీ ఫోన్. "నిలబడ్డది అక్కా! సదువుతున్న, రాసుకో. సున్న, ఎక్స్, సున్న, సున్న, సున్న, సున్న..."

"సున్నాలు చాలురా నాయనా, చివరికి ఏముందో చెప్పు."

"డి ఒకటి. పక్కన బ్రాకెట్ల ఇంకిన్ని సున్నలున్నయి. కింద ఒక ఫైల్ పేరున్నది, చివర డాట్ ఎస్‌వైఎస్ అని."

ఆ ఫైల్ పేరు అక్షరం అక్షరం చెప్పించుకున్నాను. వీడియో కెమెరా టేపు నుంచి బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించే కార్డు ఒకటి ఉంటుంది. ఆ పేరు దాని డ్రైవర్‌ది. డ్రైవర్ అంటే కార్డుకూ విండోస్‌కూ నడుమ మాటలు మోసే చిన్న ప్రోగ్రాం. డి1 అనే సంఖ్య వచ్చి, పక్కన డ్రైవర్ పేరు కూడా కనిపిస్తే, ముందు ఆ డ్రైవర్ తాకరాని చోట మెమరీని తాకిందేమో అని అనుమానించాలి. ఎవరైనా అక్కడినుంచే మొదలుపెడతారు. నేనూ అంతే.

"టేపులన్నీ ఎక్కించేసినవా?"

"ఎప్పుడో ఎక్కించిన."

"అయితే ఆ కార్డుతోని ఇప్పుడు పని లేదు. డ్రైవర్ తీసెయ్యి, కార్డు గూడ ఊడబెరికి పక్కకు పెట్టు."

అంతటితో ఆ గొడవ తెగిందనుకుని అన్నం తినడానికి లేచాను. చెయ్యి కడుక్కునేలోపే మళ్లీ మోగింది. మళ్లీ నీలమే. ఈసారి సంఖ్య వేరు, కింద ఫైల్ పేరూ వేరు. అది తెర మీద బొమ్మలు చూపించే గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ అట. నాకు కొద్దిగా తల తిరిగింది. ఒకే రోజు రెండు డ్రైవర్లకు ఎందుకు పిచ్చి పడుతుంది?

"ఇగ వచ్చినప్పుడల్లా ఆ నంబరు రాసిపెట్టు. ఒక్కటి గూడ వదలకు" అన్నాను. నాలుగింటికి మళ్లీ ఫోన్ చేశాడు.

"ఇంకో మూడు సార్లు పడ్డది. ఇక్కడ అందరు ఫార్మాట్ కొట్టమంటున్నరు అక్కా. ముఖ్యమైన ముక్క ఒకటి ముందే పెన్‌డ్రైవ్‌ల ఎక్కించి పెట్టిన. కొట్టేద్దునా?"

నేను నోరు తెరిచేలోపే అవతల ఫోన్ చేతులు మారింది. ఒక ఆడమనిషి గొంతు. "చెల్లె, నువ్వేనా కామారెడ్డి కంప్యూటరామెవు? నేను పెండ్లిపిల్ల తల్లిని."

ఆమె చెప్పిన సంగతి ఇది. ఊరు ఎల్లారెడ్డికి పక్కనే. ఇంటాయన చాలా ఏళ్లుగా దుబాయిలో ఉన్నాడు. బిడ్డ పెండ్లికి వస్తానని అంతా సిద్ధం చేసుకున్నాక, కంపెనీ వాళ్లు సెలవు ఇవ్వలేదు. పెండ్లి ఆగలేదు. అప్పగింతలప్పుడు దుబాయి నుంచి ఫోన్ చేశాడు. బిడ్డ చెవి దగ్గర ఫోన్ పెట్టారు. ఆయన చాలాసేపు మాట్లాడాడు. బిడ్డ నోట్లోంచి మాత్రం ఒక్క మాట రాలేదు.

"'నేను రాలేదని బిడ్డకు నా మీద కోపమొచ్చింది, మాట్లాడలేదు' అని గాయన మనసుల పడ్డది చెల్లె. గదేం లేదయ్య అని నేను చెప్తే ఇంటలేడు. బిడ్డ చెప్తే, సముదాయిస్తున్నవులే అంటుండు. తిండి గూడ సరిగ తింటలేడట. గా వీడియోల బిడ్డ మొకం సూస్తెనన్న మనసు కుదుటపడుతదని నా ఆశ. మా ఊరి పిల్లగాడు లీవు మీదొచ్చిండు, శుక్రవారం మల్ల దుబాయికి పోతుండు. ఆని చేతికిస్తెనే అందుతది. మల్ల ఎవరు పోతరో, ఎన్నడు పోతరో."

"టేపులున్నయి గదా అక్కా, మల్ల ఎక్కియ్యొచ్చు" అన్నాను, ధైర్యం చెబుదామని.

వెనకనుంచి తమ్ముడి గొంతు పీలగా వినబడింది. "టేపుల మీద ఇంకో పెండ్లి కొట్టిన అక్కా."

స్టూడియోల్లో అది మామూలే. కంప్యూటర్‌లోకి ఎక్కించాక అదే టేపు మీద ఇంకో పెండ్లి తీస్తారు. అంటే ఆ పెండ్లి మొత్తం ఇప్పుడు ఒకే చోట ఉంది, ఆ డబ్బాలో. మనవాడు ఫైళ్లన్నీ డెస్క్‌టాప్ మీదే పరిచిపెట్టుకునే మనిషి. అంటే విండోస్ ఉన్న సీ డ్రైవ్‌లోనే. ఫార్మాట్ కొడితే పెండ్లి పందిరితో సహా కొట్టుకుపోతుంది.

ఫోన్ తమ్ముడికి ఇప్పించాను. "ఏయ్, విను! ఏం ముట్టుకోకు. ఫార్మాట్ వద్దు, ఇంక కాపీలు గూడ వద్దు. బందుపెట్టి చేతులు కట్టుకొని కూసో. రేపు పొద్దుగాల వస్తున్న."

"మరి నంబర్లు రాసిపెట్టమన్నవు గదా?"

"ఈ లోపల వచ్చినయి చాలు, బందుపెట్టు!"

మర్నాడు లింగంపేట మీదుగా పోయే బస్సెక్కాను. సంచిలో స్క్రూడ్రైవర్లు, మెమరీని పరీక్షించే సీడీ, మెత్తటి బ్రష్, పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరు. కిటికీ పక్కన చలిగాలికి మొహం బిగుసుకుపోతున్నా నా మనసంతా ఆ మాట్లాడని పిల్ల మీదే ఉంది. నా పెండ్లిలో మా నాయన నా పక్కనే ఉన్నాడు. ఉండి కూడా ఆయన ఏం మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. పక్కపక్కన ఉన్నాం గనక దానికి ఎవరూ అర్థాలు వెతకలేదు.

స్టూడియోలోకి వెళ్లేసరికి ఆ తల్లి గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. కూర్చున్న చోటే బీడీలు చుడుతోంది. నన్ను చూసి లేవబోయింది.

"కూసో అక్కా, నీ పని నువ్వు చెయ్యి, నా పని నేను చేస్త."

"చేతులు ఊకుంటే మనసు ఊకుంటలేదు చెల్లె" అంది.

తమ్ముడు ఒక ఫోటోల కవరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఏ పెండ్లివో చూపిస్తున్నాడనుకుని చిరాకుపడుతూ తెరిచాను. అబ్బ, ఏం చెప్పను! అన్నీ నీలం తెరలే. నంబర్లు చదివి రాయమంటే, మొదటిదాని నుంచే పెండ్లిళ్లు తీసే పెద్ద కెమెరాతో ఒక్కొక్క నీలం తెరనూ ఫోటో తీసి, ప్రింట్లు వేయించి పెట్టాడు. మొదటి దాంట్లో ఫ్లాష్ వెలుగు తెర మధ్యలో పడింది. అది బాగా రాలేదని మిగతావి ఫ్లాష్ లేకుండా తీశాడట.

"మంచిగొచ్చినయా అక్కా?"

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. ముందు నవ్వాను. ఆ వెంటనే తిట్టాను. అయితే నిజం చెప్పాలంటే, నా పనికి అంత బాగా ఉపయోగపడినవి ఇంకెవరూ ఇవ్వలేదు. బల్ల మీద ఆ ప్రింట్లను వరుసగా పరిచాను. మొదటిది డి1, కింద టేపు కార్డు డ్రైవర్ పేరు. రెండోది 50, కింద గ్రాఫిక్స్ డ్రైవర్ పేరు. మూడోది 1ఏ, మెమరీ మేనేజ్‌మెంట్ అని ఇంగ్లీషులో రాసి ఉంది, కింద ఎవరి పేరూ లేదు. నాలుగోది 4ఈ. అది కూడా మెమరీ లెక్కల పట్టిక చెడిందని చెప్పేదే. తరువాతి దాంట్లో మళ్లీ 50, కానీ ఈసారి కింద ఇంకో పేరు. అది హార్డ్ డిస్క్ మీది ఫైళ్లను చదివే విండోస్ సొంత డ్రైవర్‌ది.

ఒక్కొక్క నంబరునూ వేలితో తట్టుకుంటూ పోయాను.

"ఏమైంది అక్కా, డ్రైవరేనా?"

"ఒక్క డ్రైవరే చెడితే మామూలుగ ఒకటే నంబరొస్తది, ఒకటే పేరొస్తది. ఇక్కడ సూడు, నంబరుకో తీరు, పేరుకో తీరు. విండోస్ సొంత ఫైల్ గూడ పడ్డది. అందరు ఒకటేసారి చెడుతరా?"

ఆ తల్లి చాట మీదినుంచి తల ఎత్తి, "మరి ఎవరు చెడ్డరు చెల్లె?" అని అడిగింది.

ఆమెకు ఎలా చెప్పాలా అని ఆలోచించాను. "అక్కా, మెట్లల్ల ఒక మెట్టు పగిలిందనుకో. పొద్దుగాల నువ్వు పడ్తవు, పగటీలి నీ బిడ్డ పడ్తది, పొద్దుమూకి చుట్టమొచ్చి పడ్తడు. ఈ నీలం తెర పడ్డోళ్ల పేరే రాస్తది. మెట్టు పగిలిందని రాయదు. ఇక్కడ మెట్టంటే ర్యామ్, అదే మెమరీ. అన్ని ప్రోగ్రాములు దాని మీదికెళ్లే నడుస్తయి. అదే చెడ్డదని నా అనుమానం."

"అయితే పడ్డోళ్లది తప్పు లేదు" అంది ఆమె. అని మళ్లీ ఆకు అందుకుంది.

అనుమానం అనుమానమే గదా, పరీక్ష చేయందే నేను నమ్మను. ఆ మాట అనేలోపే తమ్ముడు మొహం వేలాడేసుకుని ఇంకో సంగతి బయటపెట్టాడు. అప్పగింతల ముక్కను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఉంచానన్నాడు గదా, దాన్ని నిన్న సాయంత్రం పక్కన నెట్ సెంటర్‌లో పెట్టి చూశాడట. సరిగ్గా ఫోన్ చెవి దగ్గర పెట్టే చోట బొమ్మ ముక్కలు ముక్కలై, ఆకుపచ్చ చారలు పడి, అక్కడే బిగుసుకుపోయిందట.

చాటలో చేతులు ఆగిపోయాయి. "పోయినట్టేనా?" అంది ఆమె. ఆ గొంతు వింటే నాకు భయమేసింది. లోపల ఉన్న కోపమంతా ఎటో పోయింది.

"పోలేదు అక్కా. ఆగు, నా మాట విను. కాపీ చేసేటప్పుడు డిస్కు మీదికెళ్లి తీసిన బొమ్మ ముందు ర్యామ్‌లకు వస్తది. అక్కడికెళ్లి పెన్‌డ్రైవ్‌లకు పోతది. నడుమ ర్యామ్ చెడ్డదైతే కాపీ చెడుతది. డిస్కు మీద అసలుది మంచిగనే ఉండొచ్చు. ఎందుకంటే దాన్ని సదివినం గని, దాని మీద ఏం రాయలేదు." తమ్ముడి వైపు తిరిగాను. "అసలుది తుడిచెయ్యలేదు గదా?"

"లేదక్కా. ఒట్టు."

"ఆ కాపీని నమ్మి నిన్న ఫార్మాట్ కొట్టి ఉంటే ఏమయ్యేదో తెలుసా?"

వాడు ఆ పెన్‌డ్రైవ్‌ను తీసి జేబులో వేసుకున్నాడు.

కరెంటు వైరు తీసి, డబ్బా మూత విప్పాను. లోపల రెండు ర్యాములు. ఒకటి నేను పెట్టిన పాతది. ఇంకొకటి కొత్తది. పెండ్లిళ్ల సీజన్‌కు కంప్యూటర్ వేగంగా నడవాలని దసరాకు వాడే కొని పెట్టుకున్నాడట. ఫోటోల పని చేసినన్ని రోజులు కొత్తదాని అవసరం పెద్దగా పడలేదు. వీడియో మిక్సింగ్‌కు కూర్చున్నప్పుడే మెమరీ అంతా నిండి, రెండోదాని మీద కూడా బరువు పడింది. కథ కొంచెం కొంచెంగా కలుస్తోంది.

కొత్తదాన్ని ఊడదీసి పక్కన పెట్టాను. పాతదాన్ని ఒక్కదాన్నే ఉంచి పరీక్ష సీడీ వేశాను. అది విండోస్ లేకుండా తనంతట తనే నడుస్తుంది. మెమరీలో ప్రతి గడిలో ఏదో రాసి, మళ్లీ చదివి, రాసిందే వచ్చిందా లేదా అని చూస్తుంది. తప్పు దొరికితే ఎర్ర గీత వేస్తుంది. ముగ్గురం తెర ముందు కూర్చున్నాం. చాయ్ వచ్చింది, తాగాం. మధ్యలో ఫోటో దిగడానికి వచ్చినవాళ్లను తమ్ముడు తరువాత రమ్మని పంపేశాడు. ఒక విడత పూర్తయింది. ఎర్ర గీత ఒక్కటి లేదు.

తరువాత పాతదాన్ని తీసి, కొత్తదాన్ని అది మొదట ఉన్న చోటే ఒంటరిగా పెట్టాను. సీడీ మొదలైందో లేదో, ఎర్ర గీతలు జలజలా దిగాయి. తెర కింది సగం ఎర్రబడిపోయింది.

"ఓయమ్మో" అంది ఆ తల్లి.

"ఓయమ్మో కాదు అక్కా, దొంగ దొరికిండు" అన్నాను. నాకు నిజంగా సంతోషమేసింది. "కొత్త ర్యామే చెడ్డది. అమ్మినోనికి వాపస్ ఇచ్చెయ్యి."

ఊడదీసి, అలవాటు కొద్దీ అంచు చూద్దామని కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకున్నాను. ర్యామ్ కింది అంచున బంగారు రంగు రేకులు వరుసగా ఉంటాయి. అవి సందులో ఉన్న రేకులను తాకితేనే మాట అటూ ఇటూ పోతుంది. ఆ బంగారు అంచు మీద పసుపుపచ్చగా ఎండిన మరక. దాని నడుమ ఎర్రటి చుక్క.

"ఇదేందిరా?"

"ఏదక్కా? ఓ, గదా... బొట్టు."

"బొట్టా?"

"దసరా పండుగ గదా అక్కా. కొత్త సామాను తెస్తే బొట్టు పెట్టకుంట ఎట్ల వాడుతం? బండికి పెట్టిన, కెమెరాకు పెట్టిన, దీనికి గూడ పెట్టిన. యాడ పెట్టాల్నో సమజ్ గాలే. గీ అంచు బంగారం తీరుగ మెరుస్తుంటే, ఇదే దీని మొకం అనుకున్న."

తడి పసుపు అద్ది, కుంకుమ పెట్టి, దండం పెట్టుకుని, ఆ బొట్టుతో సహా సందులో దిగ్గొట్టాడు. కొన్ని రేకులు తాకుతున్నాయి, కొన్ని తాకీ తాకనట్టున్నాయి. పాపం విండోస్, డి1 అంటూ, 50 అంటూ, 4ఈ అంటూ మొత్తుకున్నది ఈ బొట్టు గురించి! నేను నెత్తి పట్టుకుని కుర్చీలో కూలబడ్డాను. అక్కడ మొదలైన నవ్వు ఆగలేదు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. తమ్ముడు కూడా బిక్కమొహంతోనే నవ్వాడు.

ఆ తల్లి మాత్రం వాణ్ణి వెనకేసుకొచ్చింది. "నవ్వకు చెల్లె. పది మంది పెండ్లి వీడియోలు అండ్ల సక్కగ రావాలని పిల్లగాడు మంచికోరే పెట్టిండు."

"మంచిదే అక్కా, ఎవరు కాదన్నరు? పై డబ్బాకు పెట్టుమను, చాటంత బొట్టు పెట్టినా నేనేమన. లోపటికి మాత్రం చెయ్యి పోనియ్యకు."

రబ్బరుతో ఆ బంగారు అంచును మెల్లగా రుద్దాను. పసుపు పొడిపొడిగా రాలింది. సందులోకి కూడా పసుపు దిగింది. బ్రష్‌తో, స్టూడియోలో కెమెరా దుమ్ము ఊదే మిషన్‌తో శుభ్రం చేశాను. మళ్లీ పెట్టి పరీక్ష వేస్తే ఎర్ర గీతలు లేవు. అంటే ర్యామ్ మంచిదే, అమ్మినవాడిది కూడా తప్పు లేదు. అయినా సరే ఆ పెండ్లి వీడియో అయ్యేదాకా దాన్ని పెట్టనివ్వలేదు. ఎంత తుడిచినా ఆ సందు మీద నాకు నమ్మకం కుదరలేదు. పాత ర్యామ్ ఒక్కదానితోనే నడవనీ, నెమ్మదైతే నెమ్మదైందని చెప్పాను.

ఇక అసలు ముక్క. పాత ర్యామ్‌తో విండోస్ లేచింది. డెస్క్‌టాప్ మీద అప్పగింతల ఫైల్ ఉంది. తమ్ముడు మౌస్‌ను నా వైపు జరిపాడు.

"నువ్వు నొక్కు అక్కా."

నేనే నొక్కాను. పందిరి, బంతిపూలు, ఎవరో పిల్లల అల్లరి. ఆ తల్లి చాట పక్కకు పెట్టి లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. పీటల దగ్గర పెండ్లికూతురు. మేనమామ ఫోన్ తెచ్చి పిల్ల చెవి దగ్గర పట్టుకున్నాడు. ఇక్కడే కాపీ తెగింది. బొమ్మ తెగలేదు. ఒక్క చార లేదు. సాగుతూనే ఉంది.

పిల్ల నోరు గట్టిగా బిగించి ఉంది. కింది పెదవి పంటి కింద ఉంది. కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి. ఇంకాస్త చూస్తే, తల కదులుతోంది. ఫోన్‌లో తండ్రి ఏదో అంటున్నాడు, పిల్ల తల ఊపుతోంది. కాసేపు ఆగుతుంది, మళ్లీ ఊపుతుంది. ఒకసారి అడ్డంగా ఊపింది. తరువాత గబగబా నిలువుగా ఊపింది. మేనమామ చెయ్యి నొప్పి పుట్టి ఫోన్ ఇంకో చేతికి మార్చాడు. అప్పుడు కూడా ఊపుతూనే ఉంది.

"ఊపుతుంది సూడు!" అంది ఆ తల్లి. నా భుజం మీద ఆమె వేళ్లు బిగుసుకున్నాయి. "అయ్యో నా తల్లీ, ఫోన్ల తలకాయ ఊపితే గాయనకెట్ల తెలుస్తదే! నేను పక్కనే ఉన్న, నా ఏడ్పుల నేను సూడనే లేదు."

ఆమె ఏడ్చింది. తమ్ముడు తల అటు తిప్పుకున్నాడు. దాచుకోవడం ఎందుకు, నేనూ బాగా ఏడ్చాను. కొంచెం తేరుకున్నాక తమ్ముడు మెల్లగా అడిగాడు: "అక్కా, ఈ ముక్క మీద పాట వేద్దునా? పూలు రాలినట్టు పెడితే..."

"పూలు రాల్చినవంటే నీ చెయ్యి ఇరుగుతది. ఉన్నది ఉన్నట్టు ఉండనియ్యి. ఒక్క క్షణం గూడ కత్తిరియ్యకు."

నేను మధ్యాహ్నం బస్సుకు వచ్చేశాను. నెమ్మదిగా నడిచి నడిచి మర్నాటికి వీడియో తయారైంది. నీలం తెర మళ్లీ రాలేదు. డీవీడీ శుక్రవారం ఆ పిల్లగాడి బ్యాగులో దుబాయి పోయిందని తమ్ముడు ఫోన్ చేశాడు. ఆ తరువాత నా పనుల్లో నేను పడిపోయాను.

కొన్నాళ్లకు ఒక పగలు, షాపు నిండా మనుషులున్న వేళ, ఏదో పొడుగాటి నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఒక చేతిలో స్క్రూడ్రైవర్. "హలో, ఎవరు? జల్ది చెప్పుండ్రి!" అని కసిరాను.

"చెల్లె, నేను... ఎల్లారెడ్డి కాడ పెండ్లయిన పిల్ల నాయనను. దుబాయి నుంచి."

స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాను. "చెప్పు అన్నా."

"నీ నంబరు నా భార్య ఇచ్చింది. డీవీడీ సూసిన. రూముల అందరం సూసినం. తరువాత నేనొక్కన్నే మల్ల మల్ల సూసిన." మళ్లీ అందుకున్నాడు. "అండ్ల నా గొంతు లేదు గదా. సూసేటోళ్లకు బిడ్డ ఊకె తలకాయ ఊపినట్టే ఉంటది. గని ఏ మాటకు ఏ ఊపుడో నాకు తెలుసు చెల్లె. మంచిగుండు బిడ్డా అన్న, ఊపింది. అత్తమ్మ మాట ఇను అన్న, ఊపింది. నా మీద కోపమొచ్చిందా అని అడిగిన. గప్పుడు అడ్డంగ ఊపింది. సూసినవా నువ్వు? అడ్డంగ ఊపింది. వచ్చే ఎండకాలం తప్పకుంట వస్త అన్న, గప్పుడు గబగబ ఊపింది."

నేను తల ఊపాను. చుట్టూ ఉన్నవాళ్లు నన్నే చూస్తున్నారు. మళ్లీ ఊపాను.

"హలో? చెల్లె? లైన్ల ఉన్నవా?"

కొంగుతో మొహం తుడుచుకున్నాను.

"ఉన్న అన్నా. ఇంటున్న, చెప్పు."